మెంతులు మొదలుపెట్టాక కూడా పాలు చాలడం లేదనిపిస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది భీమవరం దగ్గర ఊరు, ఇప్పుడు పుట్టింట్లో ఉన్నాను. మొదటి కాన్పు, సిజేరియన్. పాపకి 53 రోజులు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, రెండు వారాలకి 2.95, ఆరు వారాల టీకాకి వెళ్లినప్పుడు 3.75. అప్పటిదాకా నా పాలే తాగింది. ఆ తర్వాత నుంచి రొమ్ములు మెత్తబడిపోయాయి, మునుపటిలా బరువుగా ఉండటం లేదు. సాయంత్రం ఆరు నుంచి పదింటిదాకా పాప వదలకుండా తాగుతూ ఏడుస్తుంది. పంపుతో తీస్తే 40 మిల్లీలీటర్లు కూడా రాలేదు. పాలు పడిపోయాయని అత్తయ్యగారు రాత్రి నానబెట్టిన మెంతులు రెండు చెంచాలు పరగడుపునే తినిపిస్తున్నారు. నేను ఆన్‌లైన్‌లో పాలు పెరిగే క్యాప్సూల్స్ కూడా తెప్పించుకున్నాను. రెండూ పది రోజులుగా వాడుతున్నాను. నాకు విరేచనాలు పల్చగా అవుతున్నాయి, పాపకి గ్యాస్, ఆకుపచ్చగా విరేచనం. ఐదు రోజులుగా రాత్రిపూట ఒకసారి డబ్బా పాలు పడుతున్నాం. నాకు థైరాయిడ్ ఉంది, 75 మాత్ర వేసుకుంటున్నాను, కడుపుతో లేనప్పుడు 50 వేసుకునేదాన్ని. తొమ్మిదో నెలలో బీపీ కొంచెం పెరిగింది, ఇప్పుడు బాగానే ఉంది. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్, క్యాల్షియం మాత్రలు వేడి చేస్తాయంటే మానేశాను. పాపకి విటమిన్ డి చుక్కల మందు రోజుకి ఒక ఎంఎల్ రాశారు. సీసా అయిపోతే షాపులో వేరే కంపెనీది ఇచ్చారు, వారంగా అదే వేస్తున్నాం. దాని మీద 800 అని ఉంది, పాత దాని మీద 400. అక్క అమెరికా నుంచి ఇంకొకటి పంపింది, అందులో ఒక్క చుక్క చాలట. నాన్నమ్మేమో పొద్దుటి ఎండ ఉండగా ఇవన్నీ ఎందుకు, వస అరగదీసి నాకించండి అంటుంది. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.
— ఒక బాలింత

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో మీరు రాసి ముందుకు వెళ్లిపోయిన అంకెల దగ్గరే నేను ఆగుతాను. రెండో వారం నుంచి ఆరో వారం దాకా 28 రోజుల్లో పాప 800 గ్రాములు పెరిగింది. అంటే రోజుకి 28 గ్రాముల పైమాటే. ఈ వయసులో రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరిగితే బాగా పెరుగుతున్నట్టు. అప్పటికి మీరు మెంతులు మొదలుపెట్టలేదు, డబ్బా తెరవలేదు. ఆ 800 గ్రాములూ మీ పాలతో వచ్చినవే. ఆరు వారాల నాటికి మీకు పాలు సరిపడా ఉన్నాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరి ఆ తర్వాత పది రోజుల్లో పడిపోయాయా? మీరు చెప్పిన మూడు గుర్తుల్లో ఏ ఒక్కటీ ఆ మాట చెప్పడం లేదు.

మొదటి వారాల్లో రొమ్ములు రాయిలా బిగుసుకోవడానికి కారణం పాలొక్కటే కాదు, అక్కడికి చేరే రక్తం, నీరు కూడా. పాపకి ఎంత కావాలో శరీరానికి ఇంకా లెక్క తెలియదు కాబట్టి మొదట్లో ఎక్కువే తయారుచేస్తుంది. ఆరు వారాలు వచ్చేసరికి ఆ లెక్క కుదురుతుంది, వాపు పోతుంది, రొమ్ము మెత్తబడుతుంది. అప్పటినుంచి పాలు పాప తాగుతున్నకొద్దీ తయారవుతూ ఉంటాయి. సరిగ్గా ఈ రోజుల్లోనే మన ఇళ్లలో ఎవరో ఒకరు చేయి వేసి చూసి 'పాలు లేవే' అనేస్తారు. ఇంతమంది తల్లులు ఆరో వారం దగ్గరే డబ్బా మొదలుపెట్టడానికి ఆ ఒక్క మాట చాలు.

సాయంత్రం వదలకుండా తాగడం కూడా ఈ వయసు పిల్లల్లో మామూలే. పగలల్లా రెండు మూడు గంటలకోసారి తాగే బిడ్డ సాయంత్రం అరగంటకోసారి అడుగుతుంది. ఆ పూట పాలు కాస్త తక్కువగా, నిదానంగా వస్తాయి కాబట్టి ఎక్కువసార్లు చీకి తనకి కావలసింది తీసుకుంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పిల్లల సాయంత్రపు ఏడుపు కూడా హెచ్చుగానే ఉంటుంది. డబ్బా పాలు తాగే పిల్లలూ ఏడుస్తారు. కాబట్టి ఆ నాలుగు గంటల ఏడుపును పాల లెక్కలో రాయకండి.

పంపు సంగతి. పాప తాగేశాక తీస్తే 40 మిల్లీలీటర్లు రావడం తక్కువ కాదు, తాగగా మిగిలినవి అవి. పాప ఆకలిగా ఉన్నప్పుడు, ఆమె బదులు పంపు పెట్టి తీసినా బిడ్డ లాగినంత పంపు లాగదు. గరాటు సైజు సరిపోకపోయినా, మనసు స్థిమితంగా లేకపోయినా ఇంకా తగ్గుతాయి. పాలు ఎంతున్నాయో కొలిచే సాధనంగా పంపు పనికిరాదు.

చూడవలసినవి వేరే ఉన్నాయి. 24 గంటల్లో కనీసం ఆరు గుడ్డలైనా, డైపర్లైనా బాగా తడవాలి. ఒంటేలు రంగు లేకుండానో, లేత పసుపుగానో ఉండాలి. తాగేటప్పుడు చీకుళ్ల మధ్య గుటకలు వినిపించాలి. వీటన్నిటికన్నా పైన తూకం. ఆరు వారాలప్పుడు తూచిన యంత్రం మీదే ఈ వారం బట్టలు లేకుండా తూయించండి. 3.75 నుంచి ఇప్పటికి 11 రోజులు, కనుక నాలుగు కిలోల చుట్టుపక్కల ఉంటే మీ ఇంట్లో వాదన అక్కడితో ముగుస్తుంది. అయితే ఐదు రాత్రులుగా పట్టిన డబ్బా పాలు కూడా ఆ తూకంలో కలుస్తాయి, అది గుర్తుంచుకుని డాక్టరుకి చెప్పండి.

ఆ రాత్రి డబ్బా విషయంలో మీకు రెండు దారులు. కొనసాగించారంటే మీకు నాలుగు గంటల నిద్ర దొరుకుతుంది, అది చిన్న విషయం కాదు. కానీ పాలు రాత్రిపూటే ఎక్కువ ఊరతాయి, ఆ ఒక్క పూట రొమ్ము ఖాళీ కాకపోతే శరీరం అంత మేరకు తయారీ తగ్గించుకుంటుంది. రెండు మూడు వారాల్లో నిజంగానే తగ్గుతాయి, అప్పుడు రెండో డబ్బా వస్తుంది. మానేశారంటే రెండు మూడు రోజులు పాప ఎక్కువసార్లు లేస్తుంది, మీరు అలిసిపోతారు, ఆ తర్వాత పాలు సర్దుకుంటాయి. మధ్యేమార్గం కావాలంటే, పొద్దున తీసిన ఆ 40 మిల్లీలీటర్లని ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రి మీ అమ్మగారి చేత ఉగ్గుగిన్నెతోనో పాలాడతోనో పట్టించండి. తూకం బాగుంటే నేనైతే డబ్బా మానేయమనే చెబుతాను. తూకం తక్కువగా ఉంటే మాత్రం డాక్టరు చూసేదాకా ఆపకండి.

ఇక మెంతులు. అత్తయ్యగారి మీద విసుక్కోకండి, మెంతులు పెట్టడం ఆమె కనిపెట్టినది కాదు. మన దేశంలోనే కాదు, ఈజిప్టు, టర్కీల్లో కూడా బాలింతలకి మెంతులు పెడతారు. పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు కూడా. కొన్నిటిలో మెంతులు వేసిన టీ తాగిన తల్లులకి కాన్పైన మొదటి రోజుల్లో పాలు కాస్త ఎక్కువ వచ్చాయి. టర్కీలో 2011లో వచ్చిన అలాంటి ఒక అధ్యయనాన్నే క్యాప్సూల్స్ అమ్మేవాళ్లు ఎక్కువగా చూపిస్తారు. కానీ ఆ టీలో మెంతులతో పాటు ఇంకా చాలా దినుసులున్నాయి, చూసింది కాన్పైన తొలి రోజులు. మరికొన్ని పరీక్షల్లో తేడా ఏమీ కనబడలేదు. 2020లో కోక్రేన్ సంస్థ పాలు పెంచుతాయనే మందులు, మూలికల మీద వచ్చిన పరీక్షలన్నీ కలిపి చూసి, మూలికల వల్ల కొంత లాభం ఉండవచ్చేమోగానీ నమ్మకంగా చెప్పడానికి ఆధారం చాలదని తేల్చింది. పైగా ఇవన్నీ పాలు తక్కువైన తల్లుల గురించి, లేదా పాలు పడుతున్న తొలి రోజుల గురించి. పాప తృప్తిగా పెరుగుతున్న ఏడో వారంలో మెంతులు ఇంకా ఏదో పెంచుతాయనడానికి ఏ ఆధారమూ లేదు. పాలు పెరగడానికి రొమ్ము ఖాళీ కావాలి. అది జరగకుండా ఎన్ని మెంతులు తిన్నా లాభం లేదు.

హాని ఉందా అంటే, మోతాదును బట్టి. పోపులో వేసే పావు చెంచా, ఆవకాయలో పడే మెంతిపిండి, మెంతికూర పప్పు, వీటిని మీరు ఎప్పటిలాగే తినండి. చెంచా మెంతులు తూస్తే దాదాపు నాలుగు గ్రాములు. మీరు పరగడుపున తినేది ఏడెనిమిది గ్రాములు, క్యాప్సూల్లో ఉన్నది వేరే. మార్కెట్లో అమ్మే మెంతి క్యాప్సూల్స్ మామూలుగా రోజుకి ఐదారు గ్రాములు చేరేలా వాడమంటారు. అంటే మీరు కూరలో తినే లెక్క దాటి మందు మోతాదుకి వచ్చి, దాన్ని కూడా దాటారు. ఆ మోతాదులో తల్లికి పల్చటి విరేచనాలు, కడుపుబ్బరం రావడం తెలిసిన విషయమే. పాపకి గ్యాస్ కూడా వస్తుందని తల్లులు చెబుతుంటారు. మీ ఇద్దరికీ ఇది మొదలైంది పది రోజుల్లోనే. అందుకే ముందు అనుమానించవలసింది మెంతుల్నే. ఆకుపచ్చటి విరేచనం ఒక్కటే అయితే కంగారు లేదు, తల్లిపాలు తాగే పిల్లలకి అప్పుడప్పుడు అవుతుంది. రక్తం, జిగురు కనిపించినా, పాప తాగడం తగ్గించినా వెంటనే చూపించాలి.

ఇంకొకటి. కొద్ది రోజుల్లో మీ చెమటకి, పాప ఒంటేలుకి కూడా ముదురు బెల్లం పాకంలాంటి వాసన రావచ్చు, బహుశా ఇప్పటికే వస్తుండాలి. మెంతుల్లో ఉండే సోటోలోన్ అనే పదార్థం వల్ల అది. దానివల్ల నష్టం లేదు. కానీ పుట్టుకతో వచ్చే ఒక అరుదైన జబ్బులోనూ పసిపిల్లల మూత్రానికి సరిగ్గా అదే వాసన వస్తుంది. మీరు మెంతులు తింటున్నట్టు చెప్పకపోతే డాక్టరు ఆ దారిన పరీక్షలు రాసే అవకాశం ఉంది. ఆ జబ్బున్న బిడ్డ మొదటి వారాల్లోనే పాలు మానేసి మగతగా పడిపోతుంది, మీ పాప అలా లేదు.

మీ విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం థైరాయిడ్ మాత్ర. అది పరగడుపునే, వట్టి నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంటసేపు ఏమీ తినకుండా ఉండవలసిన మాత్ర. మీరు పరగడుపున నానిన మెంతులు తింటున్నారు. ఆ గింజలు నోట్లో వేసుకోగానే జారుగా అనిపించే జిగురంతా పీచే. పీచు ఎక్కువున్న తిండి ఈ మాత్రని పేగుల్లో పట్టి ఉంచి, ఒంటికి పూర్తిగా చేరనివ్వదు. మాత్ర వేసుకున్న వెంటనే ఆ రెండు చెంచాలు తింటుంటే 75లో ఎంత ఒంటికి పడుతోందో ఎవరికీ తెలియదు. ఇది చాలదన్నట్టు, జంతువుల మీద చేసిన కొన్ని పరిశోధనల్లో మెంతి సారం థైరాయిడ్ హార్మోన్‌ని తగ్గించింది. మనుషుల్లో అలా అవుతుందని తేలలేదు, కానీ థైరాయిడ్ ఉన్న తల్లులు మందు మోతాదులో మెంతులు వాడకపోతే మేలని చెప్పడానికి ఇది చాలు. ఎందుకంటే థైరాయిడ్ తక్కువైతే పాలు కూడా తగ్గుతాయి. పాలు పెరగాలని తిన్నది పాలు తగ్గించే దారి పట్టకూడదు కదా.

ఎటూ మీకు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించవలసిన సమయం ఇదే. కడుపుతో ఉన్నప్పుడు పెంచిన మోతాదుని కాన్పు తర్వాత సాధారణంగా పాత మోతాదుకి తెస్తారు, ఆరు వారాలకి పరీక్ష చేసి చూస్తారు. మీది ఇంకా 75 దగ్గరే ఉంది. అది ఎక్కువే అవుతుందో, మెంతుల వల్ల తక్కువే పడుతోందో రక్తం చూస్తేగానీ చెప్పలేం. పది రోజులుగా మెంతులు కలిపి తిన్నానని డాక్టరుకి చెప్పి పరీక్ష చేయించండి. మీ అంతట మీరు మాత్ర మార్చకండి, మానకండి. ఆ మాత్ర వల్ల పాపకి ఏ ఇబ్బందీ లేదు.

మాత్రల మాట వచ్చింది కాబట్టి, మానేసిన ఐరన్, క్యాల్షియం మళ్లీ మొదలుపెట్టండి. కాన్పు తర్వాత 180 రోజులపాటు రెండూ వేసుకోవాలన్నది మన ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నదే, ఆశా కార్యకర్తలు ఇంటికి తెచ్చి ఇచ్చేది అందుకే. మీకు ఆపరేషన్ కూడా అయింది. 'వేడి' అని మీ వాళ్లు అనేది బహుశా ఐరన్ వల్ల వచ్చే కడుపుమంట, నల్లటి విరేచనం, మలబద్ధకం. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపుమంట తగ్గుతుంది. చిక్కల్లా వేళల్లో ఉంది. ఐరన్, క్యాల్షియం రెండూ థైరాయిడ్ మాత్రకి అడ్డం పడతాయి, దానికీ వీటికీ నాలుగు గంటల ఎడం కావాలి. ఒకదానికొకటి కూడా అడ్డమే. ఉదాహరణకి ఆరింటికి థైరాయిడ్ మాత్ర, ఏడింటికి కాఫీ టిఫిను, మధ్యాహ్నం భోజనమయ్యాక క్యాల్షియం, సాయంత్రం ఐదింటికి ఏదైనా తిని ఐరన్, రాత్రి భోజనం తర్వాత రెండో క్యాల్షియం. మీ ఇంటి వేళల్ని బట్టి జరుపుకోండి, ఎడం మాత్రం తగ్గించకండి. మీరు మాంసం, గుడ్డు ముట్టని వాళ్లైతే బి12 కూడా పరీక్ష చేయించండి. తల్లిలో అది బాగా తక్కువగా ఉంటే పాలలోనూ తక్కువవుతుంది, ఆ లోటు పిల్లల్లో రక్తహీనతగా, చురుకు తగ్గడంగా నెలల తర్వాత బయటపడుతుంది.

మెంతుల విషయంలో మీరు చేయగలిగినవి ఇవీ. పూర్తిగా కూరల మోతాదుకి దించేయవచ్చు, నా ఓటు దానికే. మూడు నాలుగు రోజుల్లో మీ కడుపు కుదుటపడితే కారణం తెలిసినట్టే. అత్తయ్యగారు నొచ్చుకుంటారనిపిస్తే మెంతికూర పప్పు, మునగాకు, వెల్లుల్లి కారం, దొరికితే సొర పుట్టు, ఇలా ఆమె చేతి వంటని అడిగి తినండి. మీకు తిండి పడుతుంది, ఆమె మాటా దక్కుతుంది. లేదు, మెంతులు తినే తీరతాను అంటే ఒక్క చెంచాకి తగ్గించి, సాయంత్రానికి మార్చి, టీఎస్‌హెచ్ వచ్చాక డాక్టరుతో మాట్లాడి కొనసాగించండి. అప్పుడు కూడా పాప కడుపు సర్దుకోకపోతే ఆపవలసిందే. వేరుశనగ, శనగ పడనివాళ్లు, షుగరు మందులు, రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్లు ఈ మోతాదుకి అసలు వెళ్లకూడదు. ఇది మీకు కాకపోయినా, మీ ఉత్తరం చదివి మెంతులు నానబెట్టబోయే ఇంకో తల్లి కోసం రాస్తున్నాను.

క్యాప్సూల్స్ మాత్రం ఈరోజే ఆపేయండి. ఇలాంటివాటి డబ్బా మీద ముందు వైపు తల్లీబిడ్డ బొమ్మ ఉంటుంది, దినుసుల పేర్లు వెనక చిన్న అక్షరాల్లో ఉంటాయి. వాటిలో శతావరి కనిపిస్తుంది, మన పల్లెల్లో పిల్లిపీచర అనేది అదే. దాని మీద మన దేశంలోనే జరిగిన రెండు చిన్న పరీక్షలు ఒకదానికొకటి ఎదురు చెప్పాయి. ఒకదానిలో పాలకి సంబంధించిన హార్మోన్ పెరిగింది, ఇంకొకదానిలో తేడా లేదు. హాని చేసిందన్న సమాచారం పెద్దగా లేదు, మీకు అవసరమూ లేదు. నేను వెతకమనేది వేరే రెండు పేర్లు. ఒకటి అశ్వగంధ. 'బలానికి' అని చాలా మిశ్రమాల్లో కలుపుతారు. అది థైరాయిడ్ హార్మోన్‌ని పెంచగలదు, అరుదుగా కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలున్నాయి, తల్లిపాల ద్వారా బిడ్డకి ఎంత చేరుతుందో చెప్పే సమాచారం లేదు. థైరాయిడ్ మాత్ర వేసుకునే మీరు దాన్ని ముట్టకూడదు. రెండోది అతిమధురం, లేబుల్ మీద యష్టిమధు అని ఉంటుంది. రోజూ ఎక్కువగా తింటే ఒంట్లో నీరు నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది, పాల హార్మోన్ కూడా తగ్గవచ్చు. తొమ్మిదో నెలలో బీపీ వచ్చిన మీకు అది తగదు. పేర్లలో భస్మం, సింధూరం, రసం అని ఉన్న మందులు ఏ బాలింతా సొంతంగా వాడకూడదు. అలాంటివాటిలో సీసం, పాదరసం దొరికిన సంఘటనలు చాలా ఉన్నాయి, సీసం పాలలోకి చేరుతుంది. శొంఠి, మిరియం, బెల్లం వేసి ఇంట్లో చేసిన కాయం చిన్న ఉండ తింటే ఇబ్బంది లేదు. కొన్న కాయమైతే అందులో ఏం వేశారో తెలిసాకే తినండి.

పాలు తగ్గించేవి కొన్ని మన కళ్లముందే ఉంటాయి. జలుబుకి షాపులో ఇచ్చే మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటే ఒక్క మాత్రతోనే పాలు తగ్గడం చూస్తాం. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలూ తగ్గిస్తాయి. మీకు ఇక అది అడిగే సమయం వస్తోంది కాబట్టి, పాలిస్తున్నానని ముందే చెప్పండి. ఇంకొకటి, పాలు ఎండిపోవాలంటే రొమ్ములకి మల్లెపూలు కట్టుకోవడం మన దక్షిణాదిలో పాత అలవాటు. 1988లో వచ్చిన ఒక అధ్యయనంలో దాన్ని పాలు ఆపే బ్రోమోక్రిప్టిన్ మాత్రతో పోల్చి చూస్తే పూలు కూడా పనిచేశాయని తేలింది. జడలో మల్లెపూలు పెట్టుకోవడానికి దీనితో సంబంధం లేదు, హాయిగా పెట్టుకోండి.

ఇప్పుడు పాప చుక్కల మందు. మీ ఉత్తరంలో ఉన్న వాటన్నిటిలో పాపకి కచ్చితంగా కావలసింది ఇదొక్కటే. తల్లిపాలలో విటమిన్ డి చాలా తక్కువ, మామూలుగా లీటరుకి 80 యూనిట్లు కూడా ఉండదు. మనలో చాలామంది ఆడవాళ్లకి ఒంట్లోనే లోటు కాబట్టి ఇంకా తగ్గుతుంది. పాపకి రోజుకి కావలసింది 400. ఆ లోటు మీ పాలలోని లోపం కాదు, ప్రకృతి దాన్ని ఎండకి వదిలేసింది. నాన్నమ్మగారి మాటలో ఆ మేరకు నిజం ఉంది. కానీ విటమిన్ డి తయారుచేసే కిరణాలు సూర్యుడు నడినెత్తికి చేరువయ్యాకే నేలకి చేరతాయి. మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్న వేళే ఆ ఎండ. ఏడింటి లేత ఎండలో నూనె రాసి పడుకోబెడితే పాపకి వెచ్చగా ఉంటుంది, విటమిన్ మాత్రం రాదు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో అసలే రాదు. పదకొండింటి గోదావరి జిల్లా ఎండలో రెండు నెలల బిడ్డని ఉంచమని ఎవరూ చెప్పరు. అందుకే ఏడాది నిండేదాకా రోజుకి 400 యూనిట్లు చుక్కల రూపంలో ఇమ్మని మన దేశపు పిల్లల వైద్యుల సంఘం కూడా చెబుతుంది. ఇవ్వకపోతే ఎముకలు మెత్తబడటం, దొడ్డికాళ్లు రావడం ఉంది, మరీ లోటైతే క్యాల్షియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు.

మీ సీసా దగ్గరికి వద్దాం. పాత సీసాలో ఒక ఎంఎల్‌లో 400 యూనిట్లు, కొత్త దానిలో ఒక ఎంఎల్‌లో 800. మీరు అదే ఎంఎల్ వేస్తున్నారు కాబట్టి వారంగా పాపకి రోజుకి 800 వెళుతోంది. భయపడకండి. ఆరు నెలల లోపు పిల్లలకి రోజుకి 1,000 యూనిట్ల దాకా ప్రమాదం లేని గరిష్ఠ పరిమితిగా చెబుతారు, మీరు దానికి లోపలే ఉన్నారు. పరీక్షలు అవసరం లేదు. రేపటినుంచి అర ఎంఎల్ వేయండి, సీసా మీద పెద్ద అక్షరాలతో '0.5' అని రాయండి. డ్రాపరు మీద 0.5 గీత లేకపోతే, సూది లేని ఒక ఎంఎల్ సిరంజి షాపులో అడగండి. బుగ్గ లోపలి వైపు నెమ్మదిగా వదలాలి, గొంతులోకి కొట్టకూడదు. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెట్టింపు వద్దు.

అక్క పంపిన సీసాలో ఒక్క చుక్కకే 400 యూనిట్లు. మందు మంచిదే, ప్రమాదం అలవాటులో ఉంది. ఇంట్లో అందరికీ 'ఒక ఎంఎల్' అన్నమాట పడిపోయింది. ఎంఎల్‌కి ముప్పై చుక్కలు అనుకున్నా, ఆ సీసాలోంచి ఒక ఎంఎల్ వేస్తే ఒక్కరోజులో 12,000 యూనిట్లు. అమెరికాలో ఇలాంటి పొరపాట్లే జరగవచ్చని 2010లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ తల్లిదండ్రుల్ని హెచ్చరించవలసి వచ్చింది. కాబట్టి రెండిట్లో ఒక్కటే ఇంట్లో ఉంచండి. అక్క మందే వాడాలనుకుంటే మీరొక్కరే వేయండి, చుక్క వేలి మీదో రొమ్ము మొన మీదో వేసుకుని చీకించండి, సీసాని పాప నోటి మీద వంచకండి. పాపని అందరూ చూసుకునే ఇల్లు మీది, కాబట్టి ఇక్కడి సీసా, అర ఎంఎల్ గీతే నయమని నాకనిపిస్తుంది.

మూడో దారి కూడా ఉంది. తల్లే ఎక్కువ మోతాదు వేసుకుంటే పాల ద్వారా బిడ్డకి చేరుతుందా అని అమెరికాలో పరీక్షించి 2015లో ప్రచురించారు. తల్లి రోజుకి 6,400 యూనిట్లు వేసుకుంటే, చుక్కలు వేసిన పిల్లలతో సమానంగా ఆ పిల్లలకీ విటమిన్ అందింది. కానీ అది రోజూ, నెలల తరబడి, డాక్టరు కనిపెట్టి ఉండగా చేసింది. మీకు ఎప్పుడైనా వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల మందు రాస్తే, 'నేను వేసుకుంటున్నానుగా' అని పాప చుక్కలు ఆపకండి, పిల్లల డాక్టరుని అడగండి. ఆ 60,000 మందు ద్రవంగా, చిన్న సీసాల్లో కూడా వస్తుంది. అది ఇంటికి వస్తే పాప మందులున్న అరలో పెట్టకండి. అందులో ఉన్నది పాపకి 150 రోజుల మోతాదు. మందు ఎక్కువైన పిల్లలు పాలు మానేస్తారు, వాంతులు, మలబద్ధకం, ఎక్కువగా ఒంటేలు పోయడం, మందకొడిగా పడి ఉండటం కనిపిస్తాయి. ఎప్పుడైనా పొరపాటున అలా పడితే, లక్షణాల కోసం చూడకుండా సీసా చేతపట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి.

వస విషయంలో మాత్రం నాన్నమ్మగారికి నచ్చజెప్పవలసిందే. మాటలు తొందరగా వస్తాయని, అరుగుతుందని అరగదీసి నాకిస్తారు. అందులో బీటా అసరోన్ అనే విషపదార్థం ఉంటుంది. రాయి మీద ఎంత అరిగింది, పాప నాలుక మీద ఎంత పడింది అన్నదానికి కొలత లేదు. వాంతులు, మత్తు వచ్చిన పసిపిల్లల్ని ఆసుపత్రులకి తెస్తూనే ఉంటారు. తేనెలో రంగరిస్తే ఇంకో ప్రమాదం. ఏడాది లోపు పిల్లలకి తేనె వల్ల బొట్యులిజం అనే, కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు. గ్రైప్ వాటర్, జన్మ ఘుట్టి, మంచినీళ్లు కూడా ఆరు నెలల దాకా వద్దు. పెద్దావిడ చేతికి పని కావాలంటే పాపకి నూనె మర్దన, స్నానం అప్పగించండి, ఆ రెండూ ఆమెకన్నా బాగా ఎవరూ చేయలేరు.

తూకం చూసి వచ్చాక, 11 రోజుల్లో 200 గ్రాములు కూడా పెరగలేదని తేలితే, అప్పుడు కూడా మెంతులవైపు తిరగకండి. పాలిప్పించడంలో శిక్షణ ఉన్న నర్సుకో, పిల్లల డాక్టరుకో పాప తాగే తీరు చూపించండి. చనుమొన మాత్రమే పట్టుకుని నల్లటి భాగం వదిలేస్తుంటే పట్టు సరిచేయాలి. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు రెండు వైపులా ఇవ్వాలి, తాగాక పది నిమిషాలు పంపుతో తీయాలి. వారంలో తేడా తెలుస్తుంది. దానికీ రాకపోతే డాంపెరిడోన్‌లాంటి మాత్ర డాక్టరు ఆలోచిస్తారు. అది గుండె లయ మీద పనిచేయగల మందు, షాపులో అడిగి తెచ్చుకునేది కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు విటమిన్ సీసాలూ, క్యాప్సూల్స్ డబ్బా, థైరాయిడ్ మాత్రల అట్ట, పాప తూకాలు రాసిన టీకా కార్డు ఒకే సంచిలో పట్టుకెళ్లండి. పదో వారం టీకా ఎలాగూ దగ్గరకొచ్చింది. కానీ తూకానికీ, టీఎస్‌హెచ్‌కీ అప్పటిదాకా ఆగకండి, ఈ వారమే వెళ్లండి.